ఇంట్లోనే కన్ను చూడటం – 3వ పాఠం: ఎర్రబడిన కన్ను, పుసి, దురద

గత పాఠంలో ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో గోడమీది క్యాలెండర్ చదివించడం నేర్చుకున్నాం. ఈ వారం ఆ పరీక్షతోనే పని మొదలుపెడదాం. ఇంట్లో ఎవరి కన్నైనా ఎర్రబడితే మనం వెంటనే అడిగే మాట ‘ఏ చుక్కలు వెయ్యాలి?’ అని. దానికంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఈ కన్నును ఇంట్లో పెట్టుకుని చూడవచ్చా, లేక ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలా? అది తేలితే మిగతాది తొందర లేకుండా చూసుకోవచ్చు.

ముందు చూపు. ఉడికించి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో పుసి తుడిచి, నాలుగైదు సార్లు రెప్పలు ఆర్పమనండి. అప్పుడు ఒక్కో కంటితో క్యాలెండర్ చదివించండి. పుసి పొర అడ్డుపడటం వల్ల వచ్చిన మసక రెప్ప ఆర్పగానే తొలగిపోతుంది. తొలగకపోతే సమస్య నల్లగుడ్డు మీదో, కంటి లోపలో ఉందని అనుమానించాలి. తరువాత నొప్పి. ఇసుక పడ్డట్టు గరగర, మంట, దురద కండ్లకలకలో మామూలే. కంటి లోపలి నుంచి పోటు పెడుతోందంటే మామూలు కాదు. మూడోది వెలుగు. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే పిల్లవాడు కళ్లు గట్టిగా మూసుకుని మీ భుజంలో ముఖం దాచుకుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఎరుపు ఎక్కడ ఉందో కూడా చూడండి. కింది రెప్పను వేలితో కొద్దిగా కిందికి లాగండి. కండ్లకలక అయితే రెప్ప లోపలి పొర, తెల్లగుడ్డు అంచులు బాగా ఎర్రగా ఉండి, నల్లగుడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎరుపు పలచబడుతుంది. అలా కాక నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఎరుపు చిక్కగా ఉంటే అది కండ్లకలక కాకపోవచ్చు. నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ కనిపించినా, రెండు కంటిపాపలు ఒకే సైజులో లేకపోయినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి.

కొందరి విషయంలో ఈ పరీక్షలతో కాలం గడపకూడదు. నెల లోపు పసికందులు, కాంటాక్ట్ లెన్సు వాడేవారు, ఇటీవల కంటి ఆపరేషన్ అయినవారు, కంటికి దెబ్బ తగిలినవారు నేరుగా వెళ్లాల్సిందే. పొలం పని చేసేవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వరి ఆకు గీసుకున్నా, నూర్పిడిలో పొట్టు పడినా నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు మొదలుకావచ్చు. మొదటి రోజుల్లో అది అచ్చం కండ్లకలకలాగే కనిపించి మోసం చేస్తుంది. కంట్లో సున్నం పడితే మాత్రం ముందు ప్రయాణం కాదు, ముందు నీళ్లు. కనీసం అరగంట ధారగా కడిగి, ఆ తరువాతే బయలుదేరండి.

ఇవేవీ లేవని తేలితే అప్పుడు పుసి సంగతి. పొద్దున ముఖం కడగక ముందే చూడాలి. కడిగాక చూస్తే సగం ఆనవాళ్లు పోతాయి.

వైరస్ వల్ల వచ్చిన కలకలో నీరే ఎక్కువ. పొద్దున రెప్పలు కొద్దిగా అతుక్కోవచ్చు గాని, పగలంతా కారేది పలచని నీరు. సాధారణంగా ఒక కంటిలో మొదలై రెండు మూడు రోజుల్లో రెండో కంటికి వస్తుంది. గొంతు నొప్పి, జలుబు తోడుగా ఉండవచ్చు. చెవికి సరిగ్గా ముందు వేలితో నొక్కి చూస్తే కొందరిలో చిన్న బిళ్ల కట్టి నొప్పిగా తగులుతుంది. బ్యాక్టీరియా అయితే పుసి చిక్కగా, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో ఉంటుంది. పొద్దున రెప్పలు విడదీయలేనంతగా అంటుకుపోతాయి, తుడిచినా పగలు మళ్లీ చేరుతుంది, దురద అంతగా ఉండదు. తుడిచిన కొద్ది నిమిషాలకే చీము ధారగా వస్తుంటే అది ప్రమాదకరమైన రకం కావచ్చు, గంటలు లెక్కపెట్టుకోకుండా వెళ్లాలి.

ఎలర్జీకి అసలు గుర్తు దురద. దురద లేదంటే ఎలర్జీ అనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. సాధారణంగా రెండు కళ్లూ ఒకేసారి దురద పెడతాయి. తుమ్ములు, ముక్కు కారడం తోడవుతాయి. నీరు కారుతుంది, లేదా తెల్లగా, సాగే దారంలాంటి పుసి రెప్ప మూలలో చేరుతుంది.

ఈ గుర్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. వైరస్ కలకలోనూ కొంత దురద ఉంటుంది. కళ్లు నలిపి నలిపి ఎలర్జీ కంటికే బ్యాక్టీరియా అంటించుకునేవారూ ఉన్నారు. పుసి రంగు ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి. దురద, నీరు, రెండు కళ్ల వరస, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అనే సంగతి, అన్నీ కలిపి చూడాలి.

ఒక ఇంటిని తీసుకుందాం. ఆగస్టు నెల, వానలు. ఏడో తరగతి చదివే అమ్మాయి శనివారం హాస్టల్ నుంచి ఎడమ కన్ను ఎర్రబడి వచ్చింది. నీరు కారుతోంది, గొంతు నొప్పి ఉంది. సోమవారానికి కుడి కన్నూ ఎర్రబడింది. చెవి ముందు బిళ్ల తగులుతోంది. క్యాలెండర్ రెండు కళ్లతోనూ చదివింది. తొమ్మిదేళ్ల తమ్ముడి కళ్లు ఉగాది దాటినప్పటి నుంచీ ఎర్రగానే ఉంటున్నాయి. పిడికిళ్లతో నలుపుకుంటూ ఉంటాడు, పొద్దున రెప్ప మూలలో తెల్లని దారం. ఆ తల్లి మందుల షాపులో ఒకే సీసా తెచ్చి ఇద్దరికీ వేయడం మొదలుపెట్టింది.

అమ్మాయిది వైరస్ కలక. 2023 జులై, ఆగస్టుల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బడులనూ హాస్టళ్లనూ చుట్టబెట్టిందీ ఇలాంటిదే. దానికి యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు. ఒకటి రెండు వారాల్లో అదే తగ్గుతుంది. మూసిన రెప్పల మీద చల్లని తడిగుడ్డ, డాక్టరు చెబితే కన్నీటిలా పనిచేసే లూబ్రికెంట్ చుక్కలు చాలు. అబ్బాయిది ఎలర్జీ. ఏటా ఎండలతో హెచ్చే ఈ రకం మన వేడి ప్రాంతాల్లో మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. వాడికి కావలసింది దురద తగ్గించే మందు, కళ్లు నలపకుండా ఆపడం. ఏళ్ల తరబడి గట్టిగా నలిపితే నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకురావచ్చు. అక్కది అంటుకునేది, తమ్ముడిది అంటుకోనిది. ఒకే సీసా ఇద్దరికీ వాడితే తమ్ముడికి ఎలర్జీ మీద వైరస్ కూడా అంటవచ్చు.

ఎనిమిదో రోజుకి అమ్మాయి కళ్ల ఎరుపు చాలావరకు తగ్గింది. కాని వెలుగు చూడలేకపోతోంది, క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు మసకగా ఉన్నాయంటోంది. వైరస్ కలకకు ఎక్కువగా కారణమయ్యేది అడినో వైరస్. ఆ కలకలో రెండో వారంలో నల్లగుడ్డు మీద చిన్న చిన్న మచ్చలు రావచ్చు. ఎరుపు తగ్గింది కదా అని ఊరుకోకుండా ఆ రోజే చూపించాలి. చూపు పరీక్ష మొదటి రోజు చేసి వదిలేయకుండా రోజూ చేయమనేది ఇందుకే.

ఇంట్లో మిగతావారికి అంటకుండా చూసుకోవడం రెండో పని. ఎర్రబడిన కన్ను వైపు చూస్తే కలక రాదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నవారికి వెలుగు నుంచి ఊరట తప్ప, ఎదుటివారికి వాటివల్ల రక్షణ లేదు. అంటించేది చెయ్యి. కన్ను తుడుచుకున్న చెయ్యి తలుపు గడియను, ఫోనును, టీవీ రిమోట్‌ను తాకుతుంది. ఇంకొకరి చెయ్యి అక్కడినుంచి తన కంటికి వెళ్తుంది. అడినో వైరస్ పొడి వస్తువుల మీద రోజులు, ఒక్కోసారి వారాలు బతికి ఉంటుంది. శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు. సబ్బు, పారే నీళ్లు, ఇరవై సెకన్లు రుద్దడం, ఇదే నమ్మదగిన పద్ధతి.

తుడవడానికి చేతి రుమాలు, పైట కొంగు వాడకండి. ఒక దూది ముక్క తీసుకుని ముక్కు వైపు నుంచి చెవి వైపు ఒక్కసారి తుడిచి పారేయండి. మళ్లీ తుడవాలంటే ఇంకో ముక్క. తుడిచినవారు వెంటనే చేతులు కడుక్కోవాలి. తువ్వాలు, దిండు గలీబు వేరుగా ఉంచి వేడినీళ్లలో ఉతకండి. అప్పటికే వాడుతున్న కాటుక పారేయండి. కళ్ల నుంచి నీరు, పుసి తగ్గేదాకా పిల్లను బడికి పంపకండి.

ఇక చుక్కల విషయం. ఈ పాఠంలో అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. షాపులో ‘కండ్లకలక చుక్కలు’ అడిగితే కొన్నిసార్లు యాంటీబయాటిక్‌తో స్టెరాయిడ్ కలిపిన సీసా చేతికొస్తుంది. వేసిన పూటకే ఎరుపు, దురద తగ్గుతాయి. అందుకే దాన్ని జనం వదలరు. ఫంగస్ పుండుకీ, హెర్పిస్ వైరస్ పుండుకీ స్టెరాయిడ్ పడితే పుండు పెరిగి కన్నే పోవచ్చు. తమ్ముడిలాంటి ఎలర్జీ పిల్లలకు అదే సీసా నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లాలు రావచ్చు. ఇలా వచ్చే గ్లాకోమాకు సాధారణంగా నొప్పి ఉండదు కాబట్టి చూపు తగ్గేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. స్టెరాయిడ్ అవసరమైన కళ్లు ఉన్నాయి. ఎన్ని రోజులు వేయాలో, ఎలా తగ్గించాలో చెప్పవలసింది కంటి ఒత్తిడి కొలిచి చూసే డాక్టరే.

చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం కంట్లో వేయడం మన ఇళ్లలో ఇంకా ఉంది. ప్రేమతో చేసేవే, కాని శుద్ధి కాని ఏ ద్రవమైనా ఎర్రబడిన కంటికి కొత్త క్రిములను తెస్తుంది. చల్లదనం కావాలంటే మూసిన రెప్ప మీద తడిగుడ్డ వేయండి.

ప్రమాద సూచనలు ఏవీ లేకపోయినా, చిక్కని పుసి రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే చూపించాలి. నీరు కారే కలక వారం దాటినా తగ్గుముఖం పట్టకపోతే చూపించాలి. దురద ప్రతి ఏడూ తిరిగి వచ్చే పిల్లలను ఎరుపు లేని రోజుల్లోనైనా ఒకసారి తీసుకెళ్లండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఫ్రిజ్‌లో, అల్మరాలో ఉన్న కంటి చుక్కల సీసాలన్నీ బయటికి తీయండి. తెరిచి నెల దాటినవి పారేయండి. మిగిలిన వాటి మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లూరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో చదవండి. ఉంటే అది స్టెరాయిడ్ సీసా. ఎవరికి, ఎప్పుడు, ఎవరు రాశారో గుర్తు చేసుకుని కాగితం మీద రాసి ఆ సీసాకు అంటించండి. రాసినవారెవరో గుర్తు రాకపోతే అదీ పారేయండి. సీసా మొన కంటికి తగలకుండా ఒకే ఒక చుక్క వేయడం, ఆ తరువాత ముక్కు పక్క కంటి మూలను ఎంతసేపు నొక్కి పట్టాలి అన్నది 4వ పాఠంలో.