ఎండాకాలం నొప్పి మాత్రలు: ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ ఎలా దెబ్బతింటుంది

మొన్న మా షాపుకి ఒక చీటీ వచ్చింది. తెచ్చినది పేషెంటు కొడుకు. తండ్రికి యాభై ఎనిమిదేళ్లు, మిర్చి కల్లం దగ్గర పని. చీటీలో పొటాషియం తగ్గించే పొడి, వాంతుల మాత్ర ఉన్నాయి. రిపోర్టు చూపించమంటే, కిడ్నీ వడపోత తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ 4.8 అని ఉంది. జనవరిలో షుగరు పరీక్షతో పాటు చేయించినప్పుడు అదే మనిషికి 1.1. మధ్యలో ఏ పెద్ద జబ్బూ లేదు.

ఆయనకి జరిగింది పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఇందులో కొత్తదేం లేదు. మెడికల్ షాపులో కూర్చునేవాళ్లం ప్రతి ఏప్రిల్, మే నెలల్లో ఇదే కథ వింటాం. రెండు రోజులు ఎండలో కల్లం పని చేశాడు. రెండో రాత్రి నాలుగైదు విరేచనాలయ్యాయి. పొద్దున్నే ఒళ్లు నొప్పులు, మోకాళ్ల నొప్పి, కాస్త జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ సూది వేసి, ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు రోజుకి రెండు చొప్పున ఐదు రోజులకి ఇచ్చాడు. నొప్పి తగ్గింది, మళ్లీ కల్లానికి వెళ్లాడు. బీపీకి రోజూ వేసుకునే మాత్ర కూడా మానలేదు. అది టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. మూడో రోజుకి మూత్రం తగ్గింది. ఎండకి అలాగే ఉంటుందిలే అనుకున్నాడు. ఐదో రోజు వాంతులు మొదలయ్యాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మాత్రలు ఆపేసి సెలైన్ ఎక్కించారు. డయాలసిస్ దాకా పోలేదు. వారానికి 1.6కి దిగింది. పూర్తిగా 1.1కి వస్తుందో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, మూడు నెలల తర్వాత చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ నొప్పి మాత్రని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి, కడుపునిండా నీళ్లు తాగుతూ, పంటి నొప్పికి రెండు రోజులు బ్రూఫెన్ వేసుకుంటే కిడ్నీకి సాధారణంగా ఏమీ కాదు. మనుషుల్ని పాడుచేసే తప్పు వేరే ఉంది: ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు నొప్పి మాత్ర వేసుకోవడం. దానికి బీపీ మాత్ర తోడైతే ఇంకా ప్రమాదం.

ఒంట్లో ఏం జరుగుతుంది

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే ముడులు లక్షల్లో ఉంటాయి. ఒక్కో ముడికి రక్తం వచ్చే నాళం ఒకటి, పోయే నాళం ఒకటి. వడపోత జరగాలంటే ఆ రెండింటి మధ్య కొంత ఒత్తిడి నిలబడాలి. చెరువులో నీళ్లు తక్కువున్నప్పుడు పై తూము బాగా తెరిచి, కింది తూము సగం మూసి మడిలో నీటి మట్టం నిలుపుతారు చూడండి, విరేచనాలతోనో చెమటతోనో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ అదే చేస్తుంది. వచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. పోయే నాళాన్ని బిగించేది యాంజియోటెన్సిన్.

నొప్పిని, వాపుని కలిగించేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, ఇండోమెథాసిన్, కెటోరొలాక్, ఎటోరికాక్సిబ్, నిమెసులైడ్, ఈ ఎన్‌సెయిడ్ మందులన్నీ వాటినే ఆపుతాయి. మోకాలిలో ఆపితే నొప్పి తగ్గుతుంది. కిడ్నీలో ఆపితే పై తూము మూసుకుంటుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు కింది తూముని వదులు చేస్తాయి. హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర చెరువులో ఉన్న కాసిని నీళ్లనీ తగ్గిస్తుంది. ఇక వడపోతకి ఒత్తిడి ఎక్కడిది? కల్లం పనికి పోయిన ఆయనకి మూడూ ఒకేసారి జరిగాయి, పైగా విరేచనాలు.

ఈ మూడు మందుల కలయిక మీద బ్రిటన్‌లో దాదాపు ఐదు లక్షల మంది బీపీ పేషెంట్ల రికార్డులు చూసి 2013లో ఫలితాలు ప్రచురించారు. ముప్పు అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది మొదటి 30 రోజుల్లో. అంటే ఏళ్ల తరబడి మింగితేనే కిడ్నీ పోతుందనే నమ్మకం తప్పు. ఏళ్ల తరబడి మింగడం వల్ల జరిగే నష్టం వేరు, అదీ ఉంది. కానీ ఎండాకాలంలో మూడు రోజులు చాలు.

డైక్లోఫెనాక్ సంగతి రాబందులకి మనకంటే ముందే తెలిసొచ్చింది. పశువులకి ఆ మందు వేసేవారు, చనిపోయిన పశువుని తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పలుగా చచ్చాయి. కారణం అదేనని 2004లో తేలింది, 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల ఒళ్లు రాబందులంత సున్నితం కాదు, అది నిజమే. అందుకే మన దగ్గర సూది ఇంకా నడుస్తోంది.

శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. అనుమానితుల జాబితాలో ఎండలో పని, నొప్పి మాత్రలు రెండూ ఉన్నాయి. అక్కడివాళ్లు ఈ మాత్రలకి మరీ దూరంగా ఉండాలి.

స్ట్రిప్ వెనక చదవండి

జనం ఎక్కువ మోసపోయేది ఇక్కడే. పేరు చివర ‘పి’ ఉంటే పారాసిటమాల్ కాబట్టి సేఫ్ అనుకుంటారు. జెరోడాల్-పిలో ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ 400 ఉంది. మెఫ్టాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ ఉంది. డోలో 650లో మాత్రం పారాసిటమాల్ ఒక్కటే. కాబట్టి పైన పెద్దక్షరాలు వదిలేసి వెనక ఉన్న చిన్నక్షరాలు చదవండి, కనబడకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. పైన చెప్పిన పేర్లలో ఒక్కటి కనిపించినా అది ఎన్‌సెయిడే.

గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే కిడ్నీకి ఏమీ కాదంటారు. పాంటాప్రజోల్ కాపాడేది కడుపుని. ఎటోరికాక్సిబ్ కూడా అంతే, కడుపు మీద కాస్త దయ చూపిస్తుంది, కిడ్నీ మీద చూపించదు. సూది అయితే కడుపులోకి పోదు కాబట్టి మంచిదనే మాటా వింటుంటాం. సూది మందు నేరుగా రక్తంలో కలుస్తుంది, అక్కణ్నుంచి కిడ్నీకే కదా వెళ్లేది.

మరి నొప్పికి ఏం వాడాలి

మొదట పారాసిటమాల్. పెద్దవాళ్లకి 650 ఒకటి, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు దాటకుండా. బక్కచిక్కిన ముసలివాళ్లకి, మందు తాగేవాళ్లకి, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి మూడు దాటనివ్వకండి, వీలైతే డాక్టర్ని అడిగి ఇవ్వండి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపాలి. అది సూదిలా పది నిమిషాల్లో పనిచేయదు. ఆ ఓపిక లేకే జనం సూదికి పోతారు.

మోకాలు, చేతి వేళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ జెల్ పూసుకోవచ్చు. అదే మందు అయినా, మింగినప్పటితో పోలిస్తే రక్తంలోకి వెళ్లేది పదో వంతు కంటే తక్కువ. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు దీనికీ డాక్టర్ని అడగాలి. మోకాళ్ల అరుగుదలకి తొడ కండరాల వ్యాయామం నిజంగా పనిచేస్తుంది: కుర్చీలో కూర్చుని కాలు చాపి పది అంకెలు లెక్కపెట్టి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు, పూటకోసారి. నడుం నొప్పికి వేడినీళ్ల కాపడం.

గౌట్ వాపు వస్తే, కిడ్నీ బాగాలేనివాళ్లకి డాక్టర్లు తక్కువ డోసు కోల్చిసిన్ గానీ, కొద్ది రోజులు స్టెరాయిడ్ గానీ ఇస్తారు. వీటిలో దేన్నీ షాపులో అడిగి కొనుక్కోకండి. ట్రమడాల్ కూడా అంతే, కిడ్నీ పనితీరుని బట్టి డోసు తగ్గించాలి.

ఇక వరసగా చెబుతాను, కొన్నిటికి కారణం అడగొద్దు.

- విరేచనాలు, వాంతులు, వడదెబ్బ, ఉపవాసం: ఈ నాలుగింటిలో ఏది ఉన్నా నొప్పి మాత్ర వద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు నొప్పి మాత్ర వద్దు.
- ముందు ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో, మొత్తం ఒకేసారి కలపాలి. గుండె జబ్బుతో నీళ్లు కొలిచి తాగేవాళ్లు ఎంత తాగాలో డాక్టర్ని అడగాలి.
- సూది వేసేముందు మీరే చెప్పండి: ‘నాకు బీపీ మాత్ర ఉంది, రాత్రి విరేచనాలయ్యాయి.’ వాళ్లు అడుగుతారని చూడకండి.
- విరేచనాల రోజుల్లో బీపీ మాత్ర, మూత్రం మాత్ర, మెట్‌ఫార్మిన్ వేసుకోవాలా ఆపాలా అని రాసిచ్చిన డాక్టర్‌కి అదే రోజు ఫోన్ చేయండి. మీ అంతట మీరు ఆపకండి, అలాగని అడగకుండా మింగకండి.
- గుండెకి రాసిచ్చిన 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఈ వ్యాసం చదివి ఆపొద్దు. అది వేరే లెక్క.
- జ్వరం డెంగీ అని అనుమానం ఉంటే ఎన్‌సెయిడ్ అసలు వద్దు, రక్తస్రావం భయం కూడా ఉంది.
- కడుపుతో ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఐదో నెల దాటాక, డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు. బిడ్డ కిడ్నీల మీద పడుతుంది, ఉమ్మనీరు తగ్గుతుంది.
- రెండు రకాల నొప్పి మాత్రలు కలిపి వేసుకోవద్దు. ఆర్‌ఎంపీ సూది, షాపు మాత్ర, పక్కింటివాళ్లు ఇచ్చిన మాత్ర మూడూ ఒకటే జాతి కావచ్చు.
- పాత చీటీ చూపించి నొప్పి మాత్రలు కొనొద్దు. మేం ఇవ్వం అని చెబితే కోపం తెచ్చుకోవద్దు.
- కిడ్నీ దెబ్బతింటే నడుం నొప్పి వస్తుందని ఎదురుచూడకండి. చాలామందికి ఏ నొప్పీ రాదు. చూడాల్సింది మూత్రం. తగ్గిందా, టీ డికాషన్ రంగులో ఉందా? పాదాలు వాచాయా, ఆయాసం ఉందా, అన్నం చూస్తే వికారమా?
- బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు ఎండలు ముదరకముందే క్రియాటినిన్ చేయించి కాగితం దాచుకోండి. రిపోర్టులో కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకె కూడా చూడండి. సన్నగా ఉన్న ముసలమ్మకి 1.3 అంటే కిడ్నీ సగమే పనిచేస్తూ ఉండొచ్చు, కండ ఉన్న కుర్రాడికి అదే 1.3 మామూలు కావచ్చు.
- నొప్పి మాత్ర వేసుకున్నాక మూత్రం తగ్గితే ఇంకో మాత్ర వేయకండి. క్రియాటినిన్, పొటాషియం ఆ రోజే చేయించండి, రేపు కాదు.
- పన్నెండు గంటలు మూత్రం రాకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ బాటిల్ పెట్టించుకుంటూ కూర్చోవద్దు. డయాలసిస్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. వారంలో వేసుకున్న ప్రతి మందు స్ట్రిప్, ఖాళీవైనా సరే, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. ఏ సూది వేశారో ఆర్‌ఎంపీకి ఫోన్ చేసి పేరు రాయించుకోండి.