రేపు మంగమారిపేట రాళ్ల మీదికి దిగే ముందు

అందరూ వచ్చారా? కూర్చోండర్రా. రేపు మంగమారిపేట తీరంలో రాళ్ల గుంటల్లోని జీవాలు చూసే ట్రిప్ గురించి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రాసుకోనక్కర్లేదు, వినండి చాలు.

మీలో చాలామంది ఈ విశాఖలోనే పుట్టి పెరిగారు. ఆర్కే బీచ్‌లో ఆడుకున్నారు, రుషికొండలో మునిగారు. సముద్రం మాకు కొత్తా మాస్టారూ అంటారు. మీకు తెలిసింది ఇసుక తీరం. అక్కడ నీరు ఎదురుగా వస్తుంది, కనిపిస్తుంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే సరిపోతుంది. రాళ్ల తీరంలో నీరు మీ వెనక నుంచి వస్తుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే ఇవాళ నేను వచ్చిన పని సగం అయినట్టే.

ఎలాగో చెప్తాను. మంగమారిపేటలో రాళ్లు ఒడ్డు నుంచి సముద్రంలోకి ఏటవాలుగా, నున్నగా దిగిపోవు. మధ్యలో పగుళ్లు, గుంటలు, చిన్న చిన్న కాలువల్లాంటివి ఉంటాయి. మంచి గుంటలన్నీ, అంటే రంగురంగుల జీవాలున్న గుంటలన్నీ, నీటి అంచున ఎత్తైన బండల మీద ఉంటాయి. అక్కడికి వెళ్లాలంటే ఒక పల్లపు కాలువ దాటాలి. వెళ్లేటప్పుడు అందులో చీలమండ లోతు నీళ్లుంటాయి, ఎవరూ పట్టించుకోరు. నీరు తిరిగి ఎక్కడం మొదలైతే ముందు నిండేది ఆ కాలువే. మీరు నిలబడ్డ బండ మాత్రం పొడిగానే ఉంటుంది. కాళ్ల కింద తడి లేదు కాబట్టి ఇంకా టైముంది అనుకుంటారు.

నేనూ అలాగే అనుకున్నాను. చాలా ఏళ్ల క్రితం, నేను మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పటి మాట. ఆటు, అంటే నీరు బాగా దిగిపోయే వేళ, మూడింటికి. మూడున్నరకి బయల్దేరదాం అనుకుంటుండగా ఒక అమ్మాయి గుంటలో సీ హేర్ అనే సముద్రపు నత్తని చూసింది. అరచేయంత ఉంది, తలమీద రెండు చెవుల్లాంటివి. కదిలిస్తే ఊదా రంగు సిరా వదిలింది. ఇక చూడాలి, అందరం దాని చుట్టూ చేరిపోయాం. ఒడ్డు మీద వల బాగు చేసుకుంటున్న ఒకాయన అరిచాడు, "మాస్టారో, నీరెక్కేస్తంది, పిల్లల్ని తెచ్చీండి" అని. టైము చూస్తే ఐదు. వెనక్కి తిరిగితే కాలువ మోకాలు దాటింది. కింద రాళ్లు కనబడవు, అల వచ్చినప్పుడల్లా నీరు ఒక పక్కకి గుంజుతోంది. ఆయన తాడు పట్టుకుని ఇవతలికి వచ్చాడు, ఒక్కొక్కళ్లనీ దాటించాడు. ఎవరికీ ఏమీ కాలేదు, ఇద్దరి ఫోన్లు పోయాయి. తప్పు పిల్లలది కాదు, నాది. వాచీ నా చేతికే ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. బోర్డు మీద రాస్తున్నాను, చూడండి.

మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. జాలర్లు పోటు, పాటు అంటారు. ఒక పోటు నుంచి మరో పోటుకి 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో తేడా బాగా ఎక్కువ. అప్పుడు మన విశాఖలో పోటు ఉదయం, రాత్రి తొమ్మిది ప్రాంతంలోనూ, ఆటు మధ్యాహ్నం మూడు ప్రాంతంలోనూ పడుతుంది. 2004 సునామీ గుర్తుందా, మీరు అప్పటికి పుట్టలేదేమో. అది డిసెంబరు 26, పౌర్ణమి రోజు. అలలు మన తీరాన్ని తాకింది ఉదయం తొమ్మిది ప్రాంతంలో, సరిగ్గా పోటు మీద.

రేపు పౌర్ణమి మర్నాడు. ఆటు మూడింటికి 0.2 మీటర్లు, పోటు రాత్రి తొమ్మిదింటికి 1.5 మీటర్లు అనుకుందాం. ఆరు గంటల్లో 1.3 మీటర్లు ఎక్కాలి. ఆరుతో భాగిస్తే గంటకి 22 సెంటీమీటర్లు వస్తుంది కదా అని లెక్కేస్తారు, అక్కడే దెబ్బతింటారు. నీరు ఒకే వేగంతో ఎక్కదు. మొత్తాన్ని పన్నెండు భాగాలు చేయండి. మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, తర్వాత రెండు, చివర ఒకటి. మన లెక్కకి ఒక భాగం దాదాపు 11 సెంటీమీటర్లు.

కాలువలో ఆటు సమయానికి 15 సెంటీమీటర్ల నీరుందనుకోండి. నాలుగింటికి 26. చీలమండ పైకి, అంతే. ఆ మొదటి గంటే మనల్ని మోసం చేస్తుంది, ఏమీ మారలేదనిపిస్తుంది. ఐదింటికి 48, అంటే మోకాలు. ఆరింటికి 80, అంటే తొడ దాటి నడుము దగ్గర. పైన అలల ఎత్తు వేరే. ఫిబ్రవరిలో ఆరింటికల్లా సూర్యుడు కూడా ఉండడు. ఇది ఉజ్జాయింపు లెక్కే సుమా, టైడ్ టేబుల్‌కి బదులు కాదు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఏటా వేసే పట్టికలో విశాఖపట్నం పోర్టుకి రోజువారీ వేళలుంటాయి. నేను తీసుకొచ్చేది అదే. అయితే ఆ పట్టిక చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ చూసి ముందే వేసింది. గాలి గట్టిగా ఒడ్డువైపు తోసినా, బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నా నీరు పట్టిక కంటే ఎత్తుగా ఉంటుంది.

అందుకే గడియారం ఒక్కదాన్నే నమ్మను. రేపు కాలువ దాటే ముందు ఒక పని చేస్తాం. కాలువ పక్కన రాయికి, అప్పటి నీటి మట్టానికి జానెడు పైన, ఎర్ర గుడ్డ కడతాం. ఇద్దరు అక్కడే ఉంటారు, వంతులవారీగా. వాళ్ల పని గుంటలు చూడడం కాదు, గుడ్డ చూడడం. నీరు గుడ్డని తాకితే విజిల్. గడియారం ఎంతైనా సరే, అందరూ వెనక్కి. గుడ్డ తడవకపోయినా మూడింటికి విజిల్ పడుతుంది, మూడున్నరకల్లా చివరి మనిషి కాలువకి ఇవతల ఉండాలి. అంటే మనం చూసేదంతా నీరు దిగుతున్నప్పుడే. ఒకటిన్నరకి చేరుకుని, నీటి వెంట మెల్లగా కిందికి దిగుతాం. పైకి ఎక్కే నీటితో పరుగు పందెం పెట్టుకోం.

నీరు తిరిగిందని మీకు మీరే కనిపెట్టొచ్చు. రాళ్లకి తెల్లగా, కరుకుగా అంటుకున్న బార్నకిల్స్ ఉంటాయి. ఎండలో మూత బిగించుకుని ఉంటాయి. నీరు వాటిని ముంచగానే మూత తెరిచి, చిన్న ఈక లాంటి కాళ్లు బయటపెట్టి నీటిని దువ్వుతాయి. మీ కాళ్ల పక్కన, ఇందాక మూసుకుని ఉన్న బార్నకిల్స్ దువ్వడం మొదలుపెడితే కదలాల్సిన టైము దాటుతోందన్నమాట. ముచ్చటగా ఉంటుంది, ఒక్క నిమిషం చూసి కదలండి.

ఇక అలలు. చేరగానే ఎవరూ కిందికి పరుగెత్తరు. పావుగంట ఒడ్డునే నిలబడి చూస్తాం. అలలు ఒకే సైజులో రావు. చాలాసేపు చిన్నవి వచ్చి, ఉన్నట్టుండి మూడు నాలుగు పెద్దవి వరసగా వస్తాయి. ఆ పెద్దవి ఎక్కడిదాకా తడిపాయో అదే మన గీత. ఎండ కాస్తున్నా నల్లగా తడిసి ఉన్న బండ అంటే అల అక్కడికి ఇందాకే వచ్చి వెళ్లిందని. ఫొటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడేవాళ్లని నేను పేరుపెట్టి పిలుస్తాను, సిగ్గుపడతారు. ఇక్కడ గాలి లేకపోయినా ఎక్కడో దూరంలోని తుఫాను పుట్టించిన పెద్ద అలలు మన ఒడ్డుకి చేరొచ్చు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల ఎత్తైన అలల హెచ్చరిక ఈ రాత్రి చూస్తాను. ఉంటే ట్రిప్ రద్దు, ఆటు ఎంత మంచిదైనా సరే.

జారి పడడం గురించి. నిజానికి దెబ్బలు ఎక్కువగా తగిలేది ఇక్కడే. పచ్చగా పలచగా పరుచుకున్న పాచి మీద కాలు పెట్టొద్దు, అది సబ్బే. బార్నకిల్స్ ఉన్న గరుకు రాయి మీద కాలు నిలుస్తుంది, చెయ్యి మాత్రం ఆనించొద్దు, చీల్చేస్తుంది. గోధుమరంగు సర్గాసమ్ నాచు గుబురు కింద రాయి ఉందో గుంట ఉందో తెలీదు, దాని మీద అడుగెయ్యకండి. చెప్పులొద్దు, ఉత్తకాళ్లు అసలే వద్దు. లేసులున్న పాత స్పోర్ట్స్ షూస్ వేసుకు రండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. గెంతడాలు లేవు, కూర్చుని జరిగితే పరువేం పోదు.

ఆల్చిప్ప గీరితే చిన్నదే కదా అని వదిలేయొద్దు. నాకు చెప్పండి, మంచినీళ్లు, సబ్బు నా బ్యాగులో ఉంటాయి. మర్నాటికి ఎర్రదనం పాకినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లి సముద్రపు నీటిలో తగిలిందని తప్పకుండా చెప్పాలి. సముద్రపు నీటి బాక్టీరియా కొన్ని మామూలు దెబ్బని త్వరగా ముదరబెడతాయి. షుగర్, లివర్ సమస్యలున్నవాళ్లు ఎవరైనా ఉంటే క్లాసయ్యాక విడిగా వచ్చి చెప్పండి. ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ ముల్లు దిగితే నొక్కి చిదమకండి, ముక్కలై లోపలే ఉండిపోతుంది. పైకి కనిపించేది పట్టకారుతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెడితే నొప్పి తగ్గుతుంది. కీలు దగ్గర దిగితే మాత్రం ఆసుపత్రికే.

ముట్టుకోవడానికి ఒకటే నియమం: నేను చెప్పకుండా ఏదీ చేతిలోకి తీసుకోకండి. కోన్ ఆకారపు గుల్ల అందంగా ఉంటుంది. లోపల జీవి బతికుంటే ఈటె లాంటి పంటితో కుడుతుంది, వెడల్పు వైపు పట్టుకున్నా అందుకోగలదు. రాళ్ల మీద రబ్బరు బిళ్లల్లా పరుచుకుని ఉండే జోయాంథిడ్స్ అనే జీవాల్లో కొన్నిటికి తీవ్రమైన విషం ఉంటుంది, వాటిని తాకిన చేత్తో కళ్లు నలుపుకోవద్దు. రాయి ఎత్తి చూడాలంటే ఒంటిచేత్తో లేచేదే ఎత్తండి. అవతలి అంచుని మీ వైపుకి లేపండి, లోపలున్నది బయటికొస్తే అటు పోతుంది. చూశాక ఎలా ఉందో అలాగే పెట్టాలి. తలకిందులుగా వదిలేస్తే కిందున్నవి ఎండకి చస్తాయి, పైనున్నవి చీకట్లో చస్తాయి.

మధ్యాహ్నం ఎండ కాబట్టి టోపీ, ఒక్కొక్కరికీ లీటరు నీళ్లు. కాలువ దగ్గర మొదటి అరగంట గుడ్డ కాపలాకి ఇద్దరు కావాలి. ఎవరు ఉంటారు? సరే, చివరి బెంచీ మీరిద్దరూ, ఇప్పటిదాకా ఫోను చూస్తున్నారు కదా, రేపు గుడ్డ చూడండి.