అతిథి ఉపన్యాసానికి ఆహ్వాన లేఖ: ఖర్చుల దగ్గర పేచీ ఎందుకొస్తుంది?

పర్లాకిమిడిలో మా తెలుగు విభాగం తరఫున విశాఖ నుంచి ఒక మేడంని రెండు ఉపన్యాసాలకు పిలిచాం. లేఖ మర్యాదగానే రాశాం. ఆవిడ పలాసలో రైలు దిగి టాక్సీ మాట్లాడుకుని వచ్చారు, తిరిగి అలాగే వెళ్లారు. రెండు నెలలైనా టాక్సీ డబ్బులు అందలేదు. ఆవిడ అడగలేదు, మాకే తల ఎత్తుకోలేనట్టయింది.

సమస్య: బిల్లు పెడితే అకౌంట్స్ వాళ్లు కొర్రీ వేశారు

కారణం మా లేఖలోనే ఉంది. "ప్రయాణ ఖర్చులు మేమే భరిస్తాం" అని ఒక్క ముక్క రాశాం. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తరగతిలో, చివరి నలభై కిలోమీటర్లు ఎలా అన్నది లేదు. మంజూరైంది రైలు చార్జీ మాత్రమే. లేఖలో టాక్సీ మాట లేదు కాబట్టి ఆ రసీదు పక్కన పెట్టేశారు. వాళ్లను తప్పు పట్టలేం.

పరిష్కారం: ముందు మంజూరు తీసుకోండి, తర్వాతే లేఖ పంపండి. మంజూరులో ఉన్న మాటలే లేఖలోకి రావాలి. ఇప్పుడు మేం ఇలా రాస్తున్నాం:

"విశాఖపట్నం నుంచి పలాసకు రానూపోనూ థర్డ్ ఏసీ రైలు చార్జీ, టికెట్ చూపితే, కళాశాల చెల్లిస్తుంది. పలాస స్టేషన్ నుంచి కారు మేమే పంపుతాం, బాడుగ మాదే. 13 సాయంత్రం నుంచి 15 సాయంత్రం దాకా గెస్ట్ హౌస్ గది, భోజనం మావి. పారితోషికం రెండు ఉపన్యాసాలకు కలిపి ఫలానా మొత్తం, మీ బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. మీతో వచ్చేవారి ప్రయాణం, ఉపన్యాసం తర్వాత మీరు ఉండదలచుకున్న రోజుల ఖర్చు మీవి."

చివరి వాక్యం రాయడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా రాయండి. అది లేకపోతే ఆ మొహమాటం గది ఖాళీ చేసే పూట కౌంటర్ దగ్గర అతిథికి ఎదురవుతుంది.

టికెట్ బుక్ చేసుకునేటప్పుడు తికమక పడకుండా స్టేషన్ కోడ్ PSA కూడా ఇస్తున్నాం. బరంపురం వాళ్లకు ఇది మరీ అవసరం. పశ్చిమ బెంగాల్లోనూ బరంపురం ఉంది, ఒడిశాలోని మనదానికి కోడ్ BAM.

సమస్య: అతిథి వస్తానన్నారు, సెలవు దొరకలేదు

ఉద్యోగంలో ఉన్నవారికి ఆన్ డ్యూటీ అనుమతి కావాలి. మా లేఖలో "14, 15 తేదీల్లో" అని మాత్రమే ఉంది. 13న బయల్దేరాలి కదా, ఆ రోజుకు ఆధారం లేదు. పైగా "మా విద్యార్థులను ఉద్దేశించి ప్రసంగించగలరు" అంటే అది ఏ పనో వాళ్ల ప్రిన్సిపాల్‌కు తెలియదు.

పరిష్కారం: ప్రయాణ తేదీలు, ఉపన్యాస తేదీలు విడివిడిగా రాయండి. ప్రయోజనం ఒక వాక్యంలో తేల్చండి: "బీఏ తెలుగు మూడో సంవత్సరం విద్యార్థులకు ఛందస్సుపై గంటన్నర చొప్పున రెండు పాఠాలు." ప్రయాణ ఖర్చు మనదేనని ఆ లేఖలోనే ఉంటే, అక్కడివాళ్లు టీఏ ఇవ్వాలా అని ఆలోచించే పని ఉండదు. లేఖ ప్రతి ఒకటి మన అకౌంట్స్‌కి, ఒకటి అతిథి ప్రిన్సిపాల్‌కి పంపండి.