వాషింగ్ మెషిన్ రిపేరు – 4వ పాఠం: గుయ్‌మంటుంది, తిరగదు

పోయిన పాఠంలో మల్టీమీటర్ వాడకం చూశాం. ఇవాళ దాన్ని పనిలో పెడదాం. టాప్ లోడ్ మెషిన్‌లో నీళ్లు నిండాయి, వాష్ మొదలైంది, గుయ్‌మని మోత తప్ప ఏమీ కదలడం లేదు. వెంటనే ఆపేయండి. తిరగలేని మోటారుకు కరెంటు వెళ్తూనే ఉంటే వైండింగ్ కాలుతుంది.

ఆ మోతను బట్టే చాలా తెలుస్తుంది. మూత స్విచ్ పోతే మెషిన్ సాధారణంగా స్పిన్ దగ్గర ఆగి బీప్ కొడుతుంది, మోటారు గుయ్‌మనదు. బెల్టు తెగితే మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, వదులైతే కీచుమని రబ్బరు కాలిన వాసన వస్తుంది. మోటారే కదలక గుయ్‌మంటుంటే నేను ముందు అనుమానించేది కెపాసిటర్‌నే. ఇదంతా బెల్టు, కెపాసిటర్ ఉన్న మెషిన్ల సంగతి. ఇన్వర్టర్ డైరెక్ట్ డ్రైవ్ వాటికి వర్తించదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్కింటివాళ్ల మెషిన్ ఖాళీగా వేస్తే తిరిగేది, నాలుగు జతల బట్టలు పడగానే మొరాయించేది. కెపాసిటర్ బలహీనపడిందనడానికి ఇది మంచి గుర్తు. ఈ మోటారులో రెండు వైండింగులు ఉంటాయి. రెండోదాంట్లో కరెంటును కాస్త ముందుకు జరిపి, మోటారుకు తిరిగే ఊపు ఇచ్చేది కెపాసిటరే.

ప్లగ్ పీకాం, స్విచ్ ఆపితే చాలదు. నీళ్లు ఖాళీ చేసి వెనక మూత విప్పాం. కెపాసిటర్ తెల్లటి డబ్బా, రెండు వైర్లు. అందులో చార్జ్ మిగిలి ఉండొచ్చు, షాక్ కొడుతుంది. హోల్డర్‌లో పెట్టిన పాత ఫిలమెంట్ బల్బు వైర్లను దాని రెండు కొసలకూ కొన్ని సెకన్లు ఆనించి, మీటర్‌లో వోల్టేజ్ లేదని చూసుకున్నాకే వైర్లు ఊడదీశాం. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానండి.

డబ్బా మీద 12 మైక్రోఫరాడ్‌లు, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంది. అంటే 11.4 నుంచి 12.6 దాకా రావాలి. మీటర్ 4.7 చూపించింది. డబ్బా ఉబ్బలేదు, పగల్లేదు. చూపుతో నమ్మకూడదనేది అందుకే.

కోఠి గుజరాతీ గల్లీలో అదే 12 మైక్రోఫరాడ్‌లది తెచ్చాం. వోల్టేజ్ పాతదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. ఫ్యాన్‌కి వాడే 2.5ది పెడితే పని జరగదు. నీళ్లు, బట్టలు వేసి చూస్తే రెండు వైపులా తిరిగింది.

కెపాసిటర్ సరిగ్గా ఉంటే బెల్టు తీసి, మోటారు పుల్లీని చేత్తో తిప్పండి. బిగుసుకుంటే మోటారు బేరింగ్. అది తేలిగ్గా తిరిగి పెద్ద పుల్లీ కదలకపోతే పల్సేటర్ కింద నాణెమో సాక్సో ఇరుక్కుని ఉండొచ్చు. రెండూ బాగుంటే మోటారు మూడు వైర్ల మధ్య ఓమ్స్ చూడండి. ఈ రకం మోటారులో కామన్ నుంచి మిగతా రెండిటికీ దాదాపు ఒకే రీడింగ్ రావాలి, ఆ రెండిటి మధ్య దానికి రెట్టింపు. తేడా బాగా ఉన్నా, ఏ వైరైనా మోటారు బాడీకి తగులుతున్నా, రీవైండింగ్‌కి పంపాల్సిందే.

పల్సేటర్ విప్పడం వచ్చే పాఠంలో.