పశువులు చేలో పడి మేస్తే నష్టపరిహారం ఎలా రాబట్టాలి?

పశువులు చేలో పడ్డప్పుడు చాలామంది రైతులు న్యాయం తమవైపే ఉన్నా పరిహారం పోగొట్టుకుంటారు. కారణం ప్రతిసారీ ఒకటే. మేసిందెంతో కొలవకుండా ముందు గొడవకు దిగుతారు. నాలుగో రోజుకు అడుగుజాడలు చెరిగిపోతాయి, పశువుల యజమాని "నావి కావు" అంటాడు, పెద్దమనుషులు సగానికి సగం కోసి ఏదో ఇప్పించి పంపేస్తారు. చేయాల్సిన పని వరుసగా ఇదీ.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ముప్పై మీటర్ల టేపు, నాలుగు కర్రలు, తాడు, ఫోను, నోట్‌బుక్కు, ఒక తూకం. అడుగులు వేసి కొలవడం కుదరదు, టేపే కావాలి. మీ అడుగు ఎంత పొడవుందన్న వాదనతోనే ఒక పూట గడిచిపోతుంది.

1. పశువుల్ని పట్టుకోండి, కొట్టకండి

చేలో మేస్తున్న పశువును పట్టుకునే హక్కు సాగుదారుకు ఉంది. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఈ హక్కును కౌలు రైతుతో సహా భూమిని అనుభవిస్తున్న ఎవరికైనా ఇచ్చింది. పట్టుకున్న పశువును ఇరవై నాలుగు గంటల్లోపు బందెలదొడ్డికి పంపాలని కూడా ఆ చట్టమే చెప్పింది. డబ్బు చెల్లించేదాకా మీ దొడ్డిలోనే కట్టేసుకుంటామంటే కుదరదు. అప్పుడు అక్రమంగా నిర్బంధించారన్న ఫిర్యాదు మీ మీదికే వస్తుంది. పశువు మీ దగ్గర ఉన్నంతసేపు మేతా నీళ్లూ పెట్టండి. పాలు పిండుకోకండి. కాలో కొమ్మో విరిగిందంటే ఇక నష్టపోయిన మనిషి మీరు కాదు, అతను.

బందెలదొడ్డిలో వసూలు చేసే జరిమానా మీ చేతికి రాదు. అది ప్రభుత్వానికో పంచాయతీకో పోతుంది. "బందె కట్టాం కదా, ఇంకేమిటి?" అని యజమాని అంటే అది జవాబు కాదు. పంట నష్టం కోసం విడిగా దావా వేసే హక్కును అదే చట్టం అలాగే ఉంచింది.

2. ఎవరి పశువులో తేల్చుకోండి

పశువు చెవికి పసుపు ట్యాగు ఉంటే దాని మీది పన్నెండు అంకెలు స్పష్టంగా పడేలా ఫోటో తీయండి. రంగు, కొమ్ముల తీరు, మెడలో గంట, ముద్ర ఉంటే అదీ రాసుకోండి. మంద ఒకటే అయినా యజమానులు వేర్వేరు కావచ్చు కాబట్టి ఎవరివి ఎన్నో లెక్క పెట్టండి. ఈ లెక్క చివర్లో అవసరమవుతుంది.

పశువులు అప్పటికే వెళ్లిపోయి ఉంటే డెక్కల గుర్తులు ఏ గట్టు మీద నుంచి వచ్చాయో, ఏ దారిన పోయాయో వాటి వెంటే నడిచి ఫోటోలు తీయండి. ఫోటోలో కొలతకు టేపు పక్కన పెట్టండి. గేదె, ఆవు నాలుకతో చుట్టి లాగుతాయి కాబట్టి ఆకు చివర చిరిగినట్టు ఉంటుంది. అడవి పంది మొక్కను పడగొట్టి కంకి నమిలి వదిలేస్తుంది, నేలను తవ్వుతుంది. పంది చేసిన నష్టాన్ని గేదె మీద వేస్తే మీ లెక్క మొత్తం నమ్మకం కోల్పోతుంది.

ఫోటోలు పూర్తయ్యేదాకా ఆ చేనికి నీళ్లు పెట్టకండి. తడిపారంటే డెక్కల గుర్తులు పోయినట్టే.

3. పంచనామా

అదే రోజు ఇద్దరు పక్క చేల రైతుల్ని, వీలైతే మండల వ్యవసాయాధికారిని పిలవండి. పశువుల యజమానికి తప్పకుండా కబురు పంపండి. రాకపోతే పిలిచినా రాలేదని రాయండి. సర్వే నంబరు, పంట, దశ, తేదీ, ఎన్ని పశువులు, దెబ్బతిన్న మడి పొడవు వెడల్పులు రాసి సంతకాలు తీసుకోండి. ఈ కాగితంలో రూపాయల ఊసు వద్దు. ఆ రోజు మీకు తెలిసింది విస్తీర్ణం మాత్రమే.

4. నష్టం కొలవడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

ఎకరంలో ఒక మూల మేస్తే "ఎకరం పోయింది" అంటారు. యజమాని "నాలుగు ఆకులు కొరికాయి" అంటాడు. పెద్దమనుషులు గట్టు మీద నిలబడి కంటి అంచనాతో రెండింటికీ మధ్య ఒక అంకె చెబుతారు. కంటి అంచనాను ఎందుకు నమ్మకూడదంటే, గట్టు మీద నుంచి చూసేవాడికి ముందు వరసలే కనబడతాయి. పశువులు మేసేదీ ఎక్కువగా అంచునే. దాంతో నష్టం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. అదే పంట ఏపుగా ఉండి పశువులు మధ్యలోకి వెళ్తే అస్సలు కనిపించదు. లెక్క పెట్టడం ఒక్కటే మార్గం.

ముందుగా పంట ఏ దశలో ఉందో చూడండి. మొక్కజొన్న ఐదారు ఆకుల దశలో ఉన్నప్పుడు మొక్క పెరిగే మొగ్గ ఇంకా నేలలోపలే ఉంటుంది. పై ఆకులు మేసినా చాలా మొక్కలు తిరిగి లేస్తాయి. వరి పిలకల దశలో మేసినా కోలుకుంటుంది. ఈ దశల్లో అదే రోజు నష్టం లెక్క కట్టడం తప్పు. విస్తీర్ణం మాత్రం రాసుకొని పది పన్నెండు రోజులాగి, తేరుకోని మొక్కల్ని లెక్క పెట్టాలి. తొందరపడి పూర్తి నష్టం అడిగి, నెల తర్వాత చేను పచ్చగా కనబడితే ఎదుటివాడికి మీరే ఆయుధం ఇచ్చినట్టు. చిరుపొట్ట దశ దాటిన వరికీ, పూత తర్వాతి మొక్కజొన్నకూ తేరుకునే అవకాశం చాలా తక్కువ. అక్కడ వెంటనే లెక్కించవచ్చు.

ఇక లెక్క. ప్రభుత్వం దిగుబడి అంచనాకు చేసే పంట కోత ప్రయోగాల్లో చాలా పంటలకు 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడి తీసుకుంటారు. మీరూ అదే తీసుకోండి. అధికారికి ఆ కొలత కొత్తగా ఉండదు కాబట్టి వాదన తగ్గుతుంది. దెబ్బతిన్న మడిలో మూడు గడులు, బాగున్న చేలో మూడు గడులు తాడుతో కట్టండి.

గడుల్ని ఎక్కడ కట్టారన్నదే అసలు విషయం. బాగా మేసిన చోటు ఏరుకుని, పక్కన బాగా కాసిన చోటుతో పోల్చకూడదు. చోటును కళ్లతో ఎంచుకోకండి. మడి మూల నుంచి ఎన్ని వరసలు దాటి, ఎన్ని మీటర్లు నడిచి కర్ర పాతాలో చేలో దిగకముందే సాక్షుల ఎదుట రాసుకోండి. అంచు గడిని అంచు గడితోనే పోల్చండి. బాగున్న గడులు కూడా అదే రోజు విత్తినవి, అదే ఎరువు పడినవి అయి ఉండాలి.

ఒక ఉదాహరణ. ఎకరం మొక్కజొన్న, పాలకంకి దశ. రాత్రి నాలుగు గేదెలు పడి, 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున ఒక మూల మేశాయి. అంటే 300 చదరపు మీటర్లు. బాగున్న గడుల్లో గింజనిచ్చే కంకులున్న మొక్కలు సగటున 200. మేసిన గడుల్లో 50. పడిపోయినా కంకి పనికొచ్చే మొక్కల్ని ఈ 50లోనే కలిపారు. కాబట్టి ఆ మూలలో పోయింది నూటికి 75 వంతులు, అంటే 225 చదరపు మీటర్ల పంట.

ఇక్కడితో ఆగకండి. కోత సమయంలో బాగున్న ఆ మూడు గడుల్ని విడిగా కోసి, గింజ ఎండాక తూచండి. పచ్చి గింజ తూస్తే తేమ బరువు కూడా నష్టంలో చేరుతుంది, ఎదుటివాడు దాన్ని పట్టుకుంటాడు. తూకానికి యజమానిని మళ్లీ పిలవండి. గడికి సగటున 17.5 కిలోలు వచ్చాయి, అంటే చదరపు మీటరుకు 0.7 కిలో. 225 చదరపు మీటర్లకు 157.5 కిలోలు. ఇదీ నష్టం.

కోత రోజుల్లో మార్కెట్ ధర క్వింటాలు 2,000 రూపాయలనుకుంటే అది 3,150 రూపాయలు. పంట పోయిన మేరకు కోతకూలి, నూర్పిడి ఖర్చు మీకు మిగిలింది కదా, దాన్ని తీసేయాలి. అది 150 అనుకుంటే అడగాల్సింది 3,000. విత్తనం, ఎరువు ఖర్చు దీనికి మళ్లీ కలపకండి. పంట ధరలోనే అవి ఉన్నాయి, రెండుసార్లు అడిగినట్టవుతుంది.

మూడు వేలంటే తక్కువే అనిపిస్తుంది. అయినా ఎకరానికి ముప్పై వేలు అడిగి రుజువు చూపలేకపోవడం కంటే ఇది వసూలయ్యే మొత్తం. పంచనామా అయ్యాక మిగతా చేనికి నీళ్లు, కాపలా ఆపకండి. మీ అజాగ్రత్తతో ఆ తర్వాత పోయిన పంటకు పశువుల యజమాని బాధ్యుడు కాడు.

5. యజమాని చెప్పే సాకులు

"నేను కావాలని తోలలేదు" అన్నది చెల్లదు. పశువుల్ని కట్టడిలో ఉంచడం వాటిని పెంచేవాడి పని. అవి పరాయి చేలో పడి మేస్తే అతని ఉద్దేశంతో గానీ అజాగ్రత్తతో గానీ నిమిత్తం లేకుండా బాధ్యత వస్తుంది. "నీకు కంచె లేదు" అన్నదీ సాధారణంగా చెల్లదు. కంచె వేసే బాధ్యత మీదేనని మీ ఇద్దరి మధ్య ఒప్పందం ఉంటే మాత్రం వేరు. "కాపరి నిద్రపోయాడు" అన్నా యజమాని తప్పించుకోలేడు.

నిజంగా బలమున్న జవాబులు రెండు ఉన్నాయి. పశువుల్ని రోడ్డు మీద సరైన కాపలాతో తోలుకెళ్తుండగా ఒకటి తప్పించుకుని పక్క చేలోకి దూరితే, యజమాని అజాగ్రత్తను మీరే రుజువు చేయాలి. ఇంగ్లండులో 1882లో టిల్లెట్ వర్సెస్ వార్డ్ కేసులో ఇదే తేలింది. వీధిలో తోలుకెళ్తున్న ఎద్దు దుకాణంలో దూరినా యజమాని మీద బాధ్యత పెట్టలేదు. రెండోది, సంబంధం లేని మూడో మనిషి ఎవరో దొడ్డి తలుపు తీసి పశువుల్ని వదిలేయడం. ఈ రెంటిలో ఏదైనా ఉంటే దావాకు ముందే వకీలుతో మాట్లాడండి.

6. అడగడం

పంచనామా, ఫోటోలు, తూకం కాగితం జతచేసి, మొత్తం, లెక్క, పదిహేను రోజుల గడువు రాసి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపండి. పశువులు ఇద్దరివైతే ఎవరి లెక్క వారికే రాయండి. పై ఉదాహరణలో మూడు గేదెలు ఒకరివి, ఒకటి మరొకరిదైతే మొదటివారికి 2,250, రెండోవారికి 750. అందరి భారం డబ్బున్నవాడి మీదే వేస్తే అతను మొత్తానికే ఎదురు తిరుగుతాడు.

స్పందన లేకపోతే చిన్న మొత్తానికి లోక్ అదాలత్ సరైన దారి. మండల స్థాయి న్యాయ సేవల కమిటీకి అర్జీ ఇస్తే కేసు వేయకముందే పిలిపించి మాట్లాడతారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే వచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది. రాజీ కుదరకపోతే సివిల్ దావా వేయాలి. నష్టం జరిగిన రోజు నుంచి మూడేళ్ల లోపు వేయాలి. గడువును నోటీసు ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టకండి.