నిఫ్టీ కొత్త గరిష్ఠం కొట్టిన రోజున యావరేజ్ చేయకండి

మొన్న మా తోడల్లుడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, టీవీలో నిఫ్టీ రికార్డు అంటున్నారు. నా పోర్ట్‌ఫోలియో చూస్తే 20 శాతం ఎర్రగా ఉంది. మార్కెట్ బాగుంది కాబట్టి ఇంకొన్ని కొని యావరేజ్ చేస్తున్నా" అన్నాడు. ఆ ఆఖరి మాట వినగానే గుండె ఝల్లుమంది. 2018లో ఇదే మాట అని మునిగినవాళ్లను నా కళ్లతో చూశాను.

స్టాప్‌లాస్ పెట్టండి, అప్పు చేసి కొనకండి వంటివి మీకు తెలిసినవే. పడిన షేర్లనే మళ్లీ కొని సగటు ధర తగ్గించుకునే ఈ ఒక్క తప్పు గురించే చెబుతాను.

ముందు సూచీ సంగతి

నిఫ్టీలో 50 షేర్లూ సమానం కావు. ప్రమోటర్ల చేతిలో ఉన్నవి పోగా మిగిలిన వాటాల మార్కెట్ విలువను బట్టి బరువు ఇస్తారు, పెద్ద బ్యాంకులు, రిలయన్స్ లాంటివి ఎక్కువ భాగం మోస్తాయి. లెక్క కోసం 5 షేర్ల బరువు 38 శాతం అనుకుందాం. అవి 2 శాతం పెరిగి, మిగతా 45 అర శాతం చొప్పున తగ్గితే, సూచీకి 0.76 కలిసి 0.31 పోతుంది. అంటే 45 షేర్లు పడిన రోజున కూడా నిఫ్టీ 0.45 శాతం పచ్చగా ముగుస్తుంది. ఇక 50లో లేని మీ చిన్న షేరు ఈ లెక్కలోకే రాదు.

చూడాల్సిన గీత

అడ్వాన్స్-డిక్లైన్ లైన్‌కు పెద్ద గణితం అక్కర్లేదు. రోజూ సాయంత్రం ఎన్ని షేర్లు పెరిగాయో, ఎన్ని తగ్గాయో ఎన్‌ఎస్‌ఈ చెబుతుంది.

```
నేటి లైన్ = నిన్నటి లైన్ + (పెరిగినవి − తగ్గినవి)
```

10,000 దగ్గర మొదలుపెట్టారనుకోండి. సోమవారం 1,100 పెరిగి 1,700 తగ్గితే 9,400. మంగళవారం 1,300, 1,500 అయితే 9,200. బుధవారం 1,600, 1,200తో 9,600కు లేచింది. గురువారం 1,000, 1,800. శుక్రవారం 1,250, 1,550. వారం ముగిసేసరికి 8,500. ఎక్కడ మొదలుపెట్టారన్నది ముఖ్యం కాదు, ఎటు పోతోందన్నదే ముఖ్యం. బుధవారం ఒక్కటే చూసినవాడు మార్కెట్ భేషుగ్గా ఉందనుకుంటాడు.

పోల్చాల్సింది రెండు శిఖరాలను. నిఫ్టీ పాత గరిష్ఠం దాటిన రోజున ఈ లైన్ కూడా తన పాత గరిష్ఠం దాటిందా? దాటకుండా కొన్ని వారాలు కిందే ఉండిపోతే, పల్లకీని నలుగురే మోస్తున్నారని అర్థం.

2018 జనవరి 29న నిఫ్టీ 11,130 దగ్గర ముగిసింది. ఆగస్టు 28న 11,738కి చేరి కొత్త రికార్డు కొట్టింది. మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్ సూచీలు మాత్రం జనవరి శిఖరానికి దిగువనే ఉండిపోయాయి. "నిఫ్టీ ఎక్కింది కదా, మనవీ ఎక్కుతాయి" అని ఆ ఆగస్టులో యావరేజ్ చేసినవాళ్లున్నారు. సెప్టెంబరులో అప్పులు కట్టలేక చేతులెత్తేసిన ఐఎల్‌ఎఫ్‌ఎస్ ఫైనాన్స్ సంస్థ బాంబు పేలింది. అక్టోబరు 26కి నిఫ్టీ 10,030. తర్వాత నిఫ్టీ కోలుకుని 2019 జూన్‌లో 12,000 దాటింది. స్మాల్‌క్యాప్ సూచీ మాత్రం 2019 ఆగస్టుకు 2018 జనవరి శిఖరం నుంచి దాదాపు 40 శాతం కింద ఉంది. సూచీ గెలిచింది, యావరేజ్ చేసినవాడు ఓడాడు.

ఇక వరసగా

యాప్‌లో నిఫ్టీ పక్కన కనిపించే "32 పెరిగాయి, 18 తగ్గాయి" అన్నది ఆ 50 షేర్ల లెక్క మాత్రమే. మొత్తం మార్కెట్‌ది చూడండి.

చాలా ఏళ్లకు పోల్చేటప్పుడు తేడాను, పెరిగినవి, తగ్గినవి కలిపిన మొత్తంతో భాగించండి. లిస్టయిన కంపెనీల సంఖ్య పెరిగే కొద్దీ ఉత్త తేడా కూడా ఉబ్బిపోతుంది.

ఒక్క లైన్‌నే నమ్మకండి. దానికి పెన్నీ షేరైనా రిలయన్స్ అయినా ఒక్కటే ఓటు. నిఫ్టీ 500లో ఎన్ని షేర్లు తమ 200 రోజుల సగటు పైన ఉన్నాయో కూడా చూడండి. సూచీ ఎక్కుతుంటే ఆ సంఖ్య తగ్గుతోందా? జాగ్రత్త.

దీన్ని చూసి నిఫ్టీని షార్ట్ చేయకండి. న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో ఈ లైన్ 1998 ఏప్రిల్‌లోనే తిరగబడింది, ఎస్ అండ్ పీ శిఖరం 2000 మార్చిలో గానీ రాలేదు. రెండేళ్లు షార్ట్‌లో కూర్చునేంత డబ్బు మీ దగ్గర లేదు.

లైన్ దిగుతుంటే కొత్త స్మాల్‌క్యాప్ కొనకండి.

ఉన్నవాటిలో రోజువారీ వాల్యూమ్ పలచబడినవి ముందు వదిలించుకోండి. లోయర్ సర్క్యూట్ పడ్డాక అమ్ముదామన్నా కొనేవాడు ఉండడు.

షేర్లు తాకట్టు పెట్టి మార్జిన్ తీసుకున్నారా? ఈ వారమే తగ్గించండి.

"బేస్ ఫార్మ్ అవుతోంది" అన్న టెలిగ్రామ్ గ్రూపులోంచి బయటికి రండి.

యావరేజ్ చేయకండి. లైన్ తన పాత శిఖరం దాటేదాకా చేయకండి. నిఫ్టీ రికార్డు కొట్టిందని అసలే చేయకండి.

మా తోడల్లుడు ఇంకా తిరిగి ఫోన్ చేయలేదు.