చివరి వరుస గుర్తులు దారి తప్పిస్తే: సింథటిక్ భాగహారంతో మూలాల హద్దులు

వాస్తవ గుణకాలున్న బహుపది f(x)ను x − cతో సింథటిక్ పద్ధతిలో భాగిస్తే, చివరి వరుసలో భాగఫలం గుణకాలు, వాటి కొసన శేషం వస్తాయి. మొదటి గుణకం ధనాత్మకం అనుకుందాం. c ధనసంఖ్య అయి, ఆ వరుసలో ఒక్క రుణసంఖ్య కూడా లేకపోతే cని మించిన వాస్తవ మూలం ఉండదు. అంటే c ఎగువ హద్దు. c రుణసంఖ్య అయి, వరుసలో గుర్తులు +, −, +, − అని మారుతూ పోతే c కంటే చిన్న వాస్తవ మూలం ఉండదు. అంటే c దిగువ హద్దు. మొదటి గుణకం రుణాత్మకమైతే ముందుగా బహుపదిని −1తో గుణించాలి. దానివల్ల మూలాలు మారవు.

ఎగువ హద్దుకు కారణం f(x) = (x − c)q(x) + r అన్న ఒక్క సమీకరణంలోనే ఉంది. x > c > 0 అయితే x − c ధనాత్మకం. q గుణకాల్లో రుణసంఖ్యలు లేవు, x కూడా ధనాత్మకం కాబట్టి q(x) ధనాత్మకం. r సున్నా లేదా ధనాత్మకం. అందుకే f(x) సున్నా కాలేదు. దిగువ హద్దు అంటే f(−x)కు ఇదే వాదన. కింది చిక్కుల్లో చాలావరకు ఈ వాదనలోని ఏదో ఒక మెట్టు తప్పినప్పుడు వచ్చేవే.

సమస్య: చివరి సంఖ్య f(c)తో సరిపోలడం లేదు

కారణం: దాదాపు ప్రతిసారీ, లేని పదానికి సున్నా రాయకపోవడమే. 2x⁴ − 5x² + 3x − 7లో x³ పదం లేదు. c = 2 దగ్గర 2, −5, 3, −7 అని మాత్రమే రాసుకుంటే చివరి వరుస 2, −1, 1, −5 వస్తుంది. అది ఒక ఘన బహుపది వరుస, మనది కాదు.

పరిష్కారం: సున్నాను దాని స్థానంలో పెట్టి మళ్లీ చేయండి.

```
 2 |  2   0  -5   3   -7
   |      4   8   6   18
   ----------------------
      2   4   3   9   11
```

f(2) = 32 − 20 + 6 − 7 = 11, శేషంతో సరిపోయింది. రుణసంఖ్య లేదు కాబట్టి 2 ఎగువ హద్దు. ఇదే బహుపదికి −2 దగ్గర వరుస 2, −4, 3, −3, −1. చివర రెండు మైనస్‌లు పక్కపక్కన పడ్డాయి కాబట్టి పరీక్ష నెగ్గలేదు. −3 దగ్గర 2, −6, 13, −36, 101. గుర్తులు చక్కగా మారుతున్నాయి. వాస్తవ మూలాలన్నీ −3, 2ల మధ్యే ఉన్నాయి. f(−2) = −1, f(−3) = 101 కాబట్టి ఒక మూలం ఆ రెండింటి మధ్య తప్పక ఉంది.

సమస్య: దిగువ హద్దు వరుసలో సున్నా వచ్చింది, దాన్ని ప్లస్ అనాలా, మైనస్ అనాలా?

కారణం: సున్నాను ఎలాగైనా తీసుకోవచ్చని పుస్తకాలు చెబుతాయి. అది నిజమే కానీ, చాలామంది సున్నాను వదిలేసి మిగిలిన సంఖ్యల మధ్య గుర్తులు మారాయో లేదో చూస్తారు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

పరిష్కారం: స్థానాన్ని బట్టి చదవండి. 1, 3, 5... స్థానాల్లో రుణసంఖ్య ఉండకూడదు. 2, 4, 6... స్థానాల్లో ధనసంఖ్య ఉండకూడదు. సున్నా ఎక్కడైనా ఉండవచ్చు. x³ + 3x² − 4కి −3 దగ్గర వరుస 1, 0, 0, −4. నియమం ఎక్కడా తప్పలేదు, కాబట్టి −3 దిగువ హద్దే. x³ + 3x² − 4x − 12కి −3 దగ్గర 1, 0, −4, 0 వస్తుంది. సున్నాలను వదిలేసి చూస్తే +, − మారినట్టే కనిపిస్తుంది. కానీ మూడో స్థానంలో రుణసంఖ్య ఉంది, కాబట్టి −3 దిగువ హద్దని ఈ వరుస రుజువు చేయదు.

సమస్య: వరుసంతా ధనాత్మకమే, అయినా అంతకంటే పెద్ద మూలం దొరికింది

కారణం: c రుణసంఖ్య. x² + 15x + 50ని −10 దగ్గర భాగిస్తే 1, 5, 0. ఒక్క రుణసంఖ్యా లేదు. కానీ మూలాలు −10, −5. రెండోది −10 కంటే పెద్దది. పై వాదనలో x > 0 అన్న మెట్టు ఇక్కడ విరిగింది. −10కి, సున్నాకు మధ్య q(x) = x + 5 రుణాత్మకం కూడా కాగలదు.

పరిష్కారం: ఎగువ హద్దు పరీక్షకు రుణసంఖ్యను వాడకండి. ఇక్కడ గుణకాలన్నీ ధనాత్మకం కాబట్టి, భాగహారమే అవసరం లేకుండా సున్నా ఎగువ హద్దు.

సమస్య: c మూలాలన్నిటికంటే పెద్దదే, అయినా పరీక్ష నెగ్గడం లేదు

అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది ఇదే, కాస్త నిలిచి చూడదగినదీ ఇదే. f(x) = x³ − 6x² + 11x − 6 తీసుకోండి. ఇది (x − 1)(x − 2)(x − 3). పెద్ద మూలం 3. అయినా 5 దగ్గర వరుస ఇలా వస్తుంది:

```
 5 |  1   -6   11   -6
   |       5   -5   30
   --------------------
      1   -1    6   24
```

రెండో స్థానంలో −1 ఉంది. 6 దగ్గరికి వెళ్తేనే 1, 0, 11, 60 అని పరీక్ష నెగ్గుతుంది.

కారణం: ఈ పరీక్ష నెగ్గితే హద్దు ఖాయం, నెగ్గకపోతే హద్దు కాదని అర్థం కాదు. ఎందుకు నెగ్గలేదో రెండో స్థానమే చెబుతుంది. మొదటి గుణకం 1 అయినప్పుడు ఆ స్థానంలో వచ్చేది c నుంచి మూలాల మొత్తాన్ని తీసివేసిన విలువ. ఇక్కడ మొత్తం 1 + 2 + 3 = 6. అందువల్ల 6 కంటే చిన్న c ఏదైనా రెండో స్థానంలోనే ఓడిపోతుంది. మూలాలన్నీ ధనాత్మకమైన బహుపదికి ఈ పరీక్ష ఇచ్చే హద్దు అసలు పెద్ద మూలానికి దూరంగా పడటానికి కారణం ఇదే. బహుపది తరగతి పెరిగేకొద్దీ ఈ దూరం సాధారణంగా పెరుగుతుంది.

పరిష్కారం: హద్దు ఎంత వదులుగా ఉన్నా చాలనుకుంటే cని పెంచుతూ పోండి. ముందే రెండో స్థానం చూసుకుంటే పనికిరాని విలువలను ప్రయత్నించే శ్రమ తప్పుతుంది. బిగువైన హద్దు కావాలంటే ఒక్క వరుసతో ఆగకండి. వచ్చిన భాగఫలాన్ని అదే cతో మళ్లీ మళ్లీ భాగించండి. ఇది న్యూటన్ పేరుతో వాడుకలో ఉన్న పద్ధతి. 3 దగ్గర చేస్తే:

```
 3 |  1   -6   11   -6
      1   -3    2  | 0
      1    0  | 2
      1  | 3
    | 1
```

మొదటి వరుసలో −3 ఉంది, కాబట్టి పాత పరీక్ష ఇక్కడ ఓడిపోతుంది. ఇప్పుడు చూడవలసినవి గీతకు కుడివైపున ఉన్న శేషాలు మాత్రమే: 0, 2, 3, 1. x = y + 3 అని పెట్టినప్పుడు వచ్చే y³ + 3y² + 2y గుణకాలు ఇవే. వీటిలో రుణసంఖ్య లేదు కాబట్టి yకి ధన మూలం లేదు, అంటే 3ని మించిన x మూలం లేదు. హద్దు 6 నుంచి సరిగ్గా 3కి దిగింది. మూలాలన్నీ వాస్తవమైతే ఈ పద్ధతి పెద్ద మూలం వరకూ వస్తుంది: c ఆ మూలానికి సమానం లేదా పెద్దది అయితే, y మూలాల్లో ధనసంఖ్య ఉండదు, అందుకే గుణకాల్లో రుణసంఖ్య రాదు. సంకీర్ణ మూలాలున్నప్పుడు ఆ హామీ ఉండదు. అయినా మొదటి పరీక్ష నెగ్గిన ప్రతి c దగ్గరా ఇదీ నెగ్గుతుంది కాబట్టి, దీనివల్ల హద్దు ఎప్పుడూ వదులు కాదు.

దిగువ హద్దు కోసం f(−x) రాసుకుని, అవసరమైతే −1తో గుణించి ఇదే పని చేయండి. వచ్చిన c గుర్తు మార్చి తీసుకోవాలి.